ఛార్జర్ మీద నాలుగో బటన్: డీసల్ఫేషన్‌తో పాత బ్యాటరీ లేస్తుందా?

అందరికీ నమస్కారం. బల్ల మీద ఉన్న ఈ చిన్న పెట్టెనే స్మార్ట్ ఛార్జర్ అంటున్నారు. దీని ముఖం మీద నాలుగు గుర్తులున్నాయి. ఒకటి మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి, ఒకటి ఏజీఎంకి, ఒకటి లిథియానికి. నాలుగోది రిపేర్ మోడ్. కొన్ని కంపెనీలు దాన్నే డీసల్ఫేషన్ అంటాయి, కొన్ని రీకండిషన్ అంటాయి. మొదటి మూడింటి గురించి నన్నెవరూ అడగరు. షాపుకి వచ్చినవాళ్లంతా అడిగేది నాలుగోదాని గురించే. "అది నొక్కితే పాత బ్యాటరీ లేస్తుందటగా, కొత్తది కొనక్కర్లేదటగా" అని. కొన్నిసార్లు లేస్తుంది. ఎక్కువసార్లు లేవదు. ఏది లేస్తుందో ఏది లేవదో ముందే పసిగట్టే దారి ఉంది. అది చెప్పడానికే వచ్చాను. కానీ ముందు మిగతా మూడు బటన్లు ఏం చేస్తాయో చూడాలి, ఎందుకంటే నాలుగోది చేసే మేలైనా కీడైనా అక్కడి నుంచే మొదలవుతుంది.

మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీనే తీసుకుందాం. లోపల ఆరు సెల్స్, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. ఛార్జర్ పెట్టగానే మొదట స్థిరమైన కరెంటు పంపుతుంది. కెపాసిటీలో పదో వంతు, అంటే 15 ఆంపియర్లు అనుకోండి. వోల్టేజీ మెల్లగా పెరిగి 14.4 దగ్గరకు వస్తుంది. అప్పటికి బ్యాటరీ ముప్పావు వంతుకు పైగా నిండి ఉంటుంది. ఇక్కడి నుంచి ఛార్జర్ వోల్టేజీని 14.4 దగ్గరే పట్టి ఉంచుతుంది, కరెంటు తనంతట తానే తగ్గుతూ వస్తుంది. ఈ రెండో దశ గంటల తరబడి సాగుతుంది. చివరి పాతిక శాతం నిండేది ఇక్కడే. తొందరపడి దీన్ని మధ్యలో ఆపేసేవాళ్లే బ్యాటరీని చేజేతులా పాడు చేసుకుంటారు. కరెంటు బాగా తగ్గాక ఛార్జర్ 13.5, 13.8 మధ్యకు దిగి అక్కడే కాపలా ఉంటుంది. దాన్ని ఫ్లోట్ అంటారు. 14.4 దగ్గరే రోజులకు రోజులు వదిలేస్తే నీళ్లు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్‌గా పోతాయి, పాజిటివ్ ప్లేటు లోపలి చట్రం తినేసుకుపోతుంది. అందుకే ఆ దిగడం.

ఏజీఎం కూడా లెడ్ యాసిడే. ఆ సీసమే, ఆ యాసిడే. తేడా ఏమిటంటే యాసిడ్ ప్లేట్ల మధ్య ఉన్న గాజు పీచు చాపలో ఇంకి ఉంటుంది. పైన మూతలు ఉండవు, వాల్వులు ఉంటాయి. పాజిటివ్ దగ్గర పుట్టిన ఆక్సిజన్ ఆ చాప గుండా నెగటివ్ వైపు వెళ్లి తిరిగి నీరవుతుంది. కాబట్టి నీళ్లు పొయ్యక్కర్లేదు. కానీ పొయ్యాలన్నా పొయ్యలేం, కష్టం అక్కడే ఉంది. ఏజీఎం మోడ్ సాధారణంగా 14.7 దాకా తీసుకెళ్తుంది. అంతకు మించి ఎక్కువసేపు తోస్తే గ్యాస్ పుట్టే వేగానికి లోపల తిరిగి కలిసే పని సరిపోదు. వాల్వు తెరుచుకుంటుంది, తేమ బయటికి పోతుంది, చాప ఎండిపోతుంది. ఎండిన ఏజీఎంకి మందు లేదు.

ఇక్కడ మన ఎండల సంగతి ఒకటి చెప్పాలి. ఈ 14.4, 14.7 అంకెలన్నీ 25 డిగ్రీల దగ్గర చెప్పినవి. వేడి పెరిగిన కొద్దీ వోల్టేజీ తగ్గించాలి. 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి సుమారు 0.02 వోల్టు పైచిలుకు. మే నెలలో విజయవాడలో మెట్ల కింద అలమరాలో ఉన్న బ్యాటరీ 42 డిగ్రీలకు వచ్చిందనుకోండి, 17 డిగ్రీల తేడా. 14.4 కాస్తా 14.0 కావాలి. కొన్ని ఛార్జర్లలో ఏజీఎం బటన్ పక్కన మంచు గుర్తు వేసి ఉంటుంది. చలి దేశాల్లో మామూలు బ్యాటరీకి కూడా ఆ 14.7 పనికొస్తుందని అర్థం. ఆ గుర్తు చూసి ఏసీ అనుకుని ఎండాకాలం నొక్కిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆయన్ని తప్పు పట్టలేం, ఆ గుర్తు పెట్టినవాళ్లకు మన మే నెల తెలియదు.

మూడోది లిథియం. ఇక్కడ కెమిస్ట్రీయే వేరు. లిథియం మోడ్ అని రాసి ఉంటే దాదాపు ఎప్పుడూ అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కే అనుకోవాలి. నాలుగు సెల్స్, ఒక్కోదానికి 3.65 పై హద్దు, మొత్తం 14.6. ఛార్జర్ అక్కడిదాకా తీసుకెళ్లి, కరెంటు తగ్గాక ఆపేస్తుంది. ఫ్లోట్ అవసరం లేదు. కానీ బజారులో "12 వోల్టుల లిథియం" అని అమ్మేవాటిలో మూడు సెల్స్‌వి కూడా ఉంటాయి. స్ప్రేయర్లలో, స్పీకర్లలో ఎక్కువగా అవే. వాటి నిండు వోల్టేజీ 12.6 మాత్రమే. దానికి ఈ 14.6 మోడ్ పెడితే ఒక్కో సెల్ మీద 4.8 దాటుతుంది, హద్దేమో 4.2. లోపలి రక్షణ సర్క్యూట్ అడ్డుపడితే బతికిపోయారు, పడకపోతే నిప్పే. కాబట్టి లేబుల్ మీద లిథియం అన్న మాట కాదు, నిండు వోల్టేజీ అంకె చూడండి. మిషిగన్ లాంటి చోట్ల గరాజ్‌లో బ్యాటరీ పెట్టుకునే మన పిల్లలకు ఇంకో మాట: సున్నా డిగ్రీల కింద లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ని ఛార్జ్ చేయకూడదు.

లిథియం బ్యాటరీ మీద రిపేర్ మోడ్ నొక్కవచ్చా అంటే, అసలు నొక్కకూడదు. అందులో సీసమూ లేదు, సల్ఫేటూ లేదు. విడదీయడానికి ఏమీ లేదు. 15 దాటే వోల్టేజీ దాని రక్షణ సర్క్యూట్ మీద పడుతుంది, అంతే.

ఇప్పుడు నాలుగో బటన్‌కి వద్దాం. లెడ్ యాసిడ్ బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు యాసిడ్‌లోని సల్ఫేటు రెండు రకాల ప్లేట్ల మీదికీ చేరి లెడ్ సల్ఫేట్ అవుతుంది. యాసిడ్ పలచబడుతుంది. ఇది జబ్బు కాదు, బ్యాటరీ పని చేసే తీరే అది. ఛార్జ్ చేస్తే ఆ సల్ఫేటు తిరిగి యాసిడ్‌లోకి వెళ్తుంది. చిక్కు ఎక్కడంటే, బ్యాటరీని ఖాళీ చేసి అలాగే వదిలేసినప్పుడు. సన్నని స్ఫటికాలు కరిగి, పక్కనున్న పెద్దవాటి మీద పేరుకుంటాయి. చిన్నవి పోతాయి, పెద్దవి ఇంకా పెద్దవవుతాయి. పంచదార నీళ్లలో ఇట్టే కరుగుతుంది, పటికబెల్లం ముక్క ఎంతకీ కరగదు కదా, అదే తంతు. ప్లేటు పైపైన అది పొరలా కప్పేస్తుంది. అది కరెంటును సరిగా పోనివ్వదు. ఛార్జ్ పట్టదు, బ్యాకప్ రాదు. సల్ఫేషన్ అనేది ఈ ఒక్క జబ్బు పేరు. బ్యాటరీకి వచ్చే జబ్బులన్నిటి పేరూ కాదు.

ఒక ఉదాహరణ పూర్తిగా చెప్తాను. అమ్మాయి పురుడుకని భార్యాభర్తలు అమెరికా వెళ్లారు. ఇల్లు తాళం వేసి, జాగ్రత్త కొద్దీ మెయిన్ ఆపేశారు. ఇన్వర్టర్ స్విచ్ మాత్రం అలాగే ఉండిపోయింది. మెయిన్ లేదు కాబట్టి ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద నడవడం మొదలుపెట్టింది. ఇంట్లో ఒక్క బల్బు వెలగకపోయినా అది తన కోసం తాను ఆంపియరో అంతకంటే ఎక్కువో తాగుతూనే ఉంటుంది. కొన్ని రోజుల్లోనే బ్యాటరీ అడుగంటింది. తర్వాత ఆరు నెలలు అలాగే ఖాళీగా ఉంది. తిరిగొచ్చాక మెయిన్ వేస్తే ఛార్జింగ్ లైటు వెలిగి కాసేపటికే "ఫుల్" అని చూపించింది. కరెంటు పోగానే ఫ్యాను రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయింది. బ్యాటరీ వయసు మూడేళ్లు.

దాన్ని ఇన్వర్టర్ నుంచి విప్పి చూశాం. టెర్మినళ్ల మధ్య 11 వోల్టుల లోపే ఉంది. అంతకంటే ముఖ్యమైనది హైడ్రోమీటర్. ఇక్కడ కూర్చున్న మెకానిక్ సోదరులకు గ్రావిటీ అంటే తెలుస్తుంది. మిగతావాళ్లకు, యాసిడ్ ఎంత చిక్కగా ఉందో హైడ్రోమీటర్ చూపించే అంకె అది. ట్యూబులర్ నిండినప్పుడు 1240 చుట్టూ ఉండాలి. దీంట్లో ఆరు సెల్స్‌లోనూ 1110, 1120 మధ్య వచ్చింది. అంటే యాసిడ్ దాదాపు నీళ్లయింది. అది చూసి యజమాని మొహం వాడిపోయింది, నాకు మాత్రం ఆశ పుట్టింది. ఎందుకంటే ఆరు సెల్సూ ఒకేలా ఉన్నాయి. ఐదు 1230లో ఉండి ఒక్కటి 1100లో ఉంటే ఆ సెల్ లోపల షార్ట్ అయిందని అనుమానించాలి. అన్నీ కలిసికట్టుగా దిగాయంటే సల్ఫేటు ఎక్కడికీ పోలేదు, ప్లేట్ల మీదే ఉంది. పీల్చి చూసిన యాసిడ్ కూడా తేటగానే ఉంది, గోధుమ రంగు బురద లేదు.

ఇప్పుడు ఇన్వర్టర్ లైటు "ఫుల్" అని ఎందుకు చెప్పిందో చూడండి. సల్ఫేటు పొర వల్ల లోపలి నిరోధం పెరిగిపోయింది. 15 ఆంపియర్లు తోయబోతే, కాస్త పోగానే వోల్టేజీ 14.4కి ఎగిరి కూర్చుంది. కరెంటు పడిపోయింది. వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ. ఛార్జర్ బుర్రకు నిండిన బ్యాటరీ గుర్తులు కూడా అవే. స్మార్ట్ అన్న ఛార్జర్లు కూడా చాలావరకు ఇక్కడ బోల్తా పడతాయి. అరగంటలో పచ్చ లైటు వెలిగి, గ్రావిటీ మాత్రం 1120 దగ్గరే ఉందంటే, అది సల్ఫేషన్ చేసిన సంతకం.

దీనికి మేం చేసింది చాలా విసుగు పుట్టించే పని. ముందు ప్లేట్లు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోశాం. గుర్తు దాకా పొయ్యలేదు, ఎందుకంటే ఛార్జ్ అయ్యేటప్పుడు మట్టం పెరిగి పొంగుతుంది. తర్వాత కరెంటును కచ్చితంగా పట్టి ఉంచే పవర్ సప్లై పెట్టి, 2 ఆంపియర్లు మాత్రమే పంపాం. కెపాసిటీలో వందో వంతు కంటే కాస్త ఎక్కువ. వోల్టేజీని 16 దాకా పోనిచ్చాం. మొదట్లో వోల్టేజీ 15 దాటి పోయింది. కొన్ని గంటల తర్వాత తనంతట తనే 13 ప్రాంతానికి దిగింది. ఈ దిగడమే శుభవార్త. పొర కరుగుతోంది, ప్లేటు కరెంటు తీసుకుంటోంది. ఆ తర్వాత పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి గ్రావిటీ చూడటమే పని. 1130, 1150, మర్నాటికి 1170. నాలుగైదు రోజుల మీద 1215 దాకా పాకింది. అక్కడ వరుసగా కొన్ని గంటలు కదలకుండా నిలబడింది. సెల్స్ అన్నీ సమానంగా బుడగలు వేస్తున్నాయి. అక్కడ ఆపేశాం.

ఆ నాలుగైదు రోజులూ బ్యాటరీ గాలి తగిలే వరండాలో ఉంది. బుడగల్లో ఉండేది హైడ్రోజన్. గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. పూజగది పక్కన, అగరుబత్తి వెలిగే చోట ఈ పని పెట్టుకోవద్దు. చేత్తో ముట్టుకుంటే కాలేంత వేడెక్కితే కరెంటు తగ్గించాలి, లేదా ఆపి చల్లారనివ్వాలి. కారు బ్యాటరీ అయితే తప్పకుండా కారు నుంచి విప్పి తీయాలి. 16 వోల్టులు కారులోని ఎలక్ట్రానిక్స్ కోసం కాదు.

గ్రావిటీ వచ్చింది కదా అని బ్యాటరీ బాగుపడినట్టు కాదు. పరీక్ష లోడు మీదే. ఒక రాత్రి వదిలేసి, పొద్దున 12 వోల్టుల హెడ్‌లైట్ బల్బులు రెండు కట్టాం. రెండూ కలిపి సుమారు తొమ్మిదిన్నర ఆంపియర్లు. వోల్టేజీ 10.8కి దిగేదాకా టైము చూస్తే తొమ్మిది గంటలు. గుణిస్తే 85 ఆంపియర్ అవర్లు. 150 అని రాసి ఉన్న బ్యాటరీ నుంచి సగం కంటే కాస్త ఎక్కువ. రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు మూడు నాలుగు గంటలు ఆడించడానికి సరిపోయింది. చచ్చిందనుకున్నది లేచింది, కానీ కొత్తది కాలేదు. తిరిగిరాని స్ఫటికాలు ప్లేట్లలో అలాగే ఉన్నాయి, వాటి వాటా కెపాసిటీ పోయినట్టే.

గమనించారా, ఇందులో పల్స్ మాటే రాలేదు. చాలా ఛార్జర్లు రిపేర్ మోడ్‌లో వోల్టేజీని సెకనుకు ఎన్నోసార్లు పైకి కిందికి కొడతాయి. ఆ అదురుకు స్ఫటికాలు పగిలి ఊడిపోతాయని డబ్బా మీద రాస్తారు. నేను ఈ మాట నమ్మను. ఒకవేళ నిజంగా పగిలి ఊడినా మనకేం లాభం? ఆ సల్ఫేటు తిరిగి సీసంగా, లెడ్ డయాక్సైడ్‌గా మారి ప్లేటులోనే ఉండాలి, సల్ఫేటు భాగం యాసిడ్‌లోకి రావాలి. ముక్కలై అడుగున పడితే అది శాశ్వతంగా పోయిన సరుకు. పైగా అడుగున మట్టి పెరిగి ప్లేట్లను కలిపితే సెల్ షార్ట్. పల్స్ ఛార్జర్ పెట్టి బాగుపడిన బ్యాటరీలు ఉన్నాయి, కాదనను. అక్కడ పని చేసింది తక్కువ కరెంటు, ఎక్కువ వోల్టేజీ, చాలా సమయం అని నా అభిప్రాయం. అవి మూడూ పల్స్ లేకుండా కూడా ఇవ్వవచ్చు. కొన్ని మంచి ఛార్జర్ల రీకండిషన్ మోడ్ అచ్చంగా అదే చేస్తుంది: చిన్న కరెంటుతో 15.8 దాకా, కొన్ని గంటలు. అడుగున చిక్కగా పేరుకున్న యాసిడ్ బుడగలతో కలిసిపోవడం దాని ఇంకో లాభం. అందుకే కొన్ని బ్యాటరీలు ఒక్క పూటలోనే మెరుగుపడతాయి. వాటికి ఉన్నది అసలు సల్ఫేషనే కాకపోవచ్చు.

వెనక నుంచి ఒకాయన అడుగుతున్నారు, "షాపులో పాత యాసిడ్ తీసి కొత్త యాసిడ్ పోస్తే గ్రావిటీ వెంటనే వస్తుంది కదా" అని. వస్తుంది. హైడ్రోమీటర్ సంతోషిస్తుంది. కానీ గ్రావిటీ తగ్గడానికి కారణం యాసిడ్ ఎక్కడికో పోవడం కాదు, సల్ఫేటు ప్లేట్లలో ఇరుక్కోవడం. బయట నుంచి పోస్తే అంకె మారుతుంది, ప్లేట్లు మారవు. తర్వాత సరిగా ఛార్జ్ అయిన రోజున లోపలి సల్ఫేటు కూడా బయటికొచ్చి యాసిడ్ మరీ చిక్కనై చట్రాన్ని తింటుంది. ఒలికిపోతే తప్ప యాసిడ్ పొయ్యకండి. ఎప్సమ్ సాల్ట్ కలిపే చిట్కా కూడా ఈ కోవలోదే.

ఏ బ్యాటరీల మీద కష్టపడటం దండగో కూడా చెప్పాలి. రోజూ నడిచే కారులో నాలుగేళ్లు వాడాక పోయిన బ్యాటరీ సాధారణంగా సల్ఫేషన్‌తో పోదు. మన వేడికి పాజిటివ్ చట్రం తుప్పు పట్టి పోతుంది. తుప్పు పట్టిన చట్రాన్ని ఏ మోడూ తిరిగి తయారుచేయలేదు. రాత్రంతా ఛార్జ్ పెట్టినా పొద్దున 10.5 దగ్గరే ఉంటే ఒక సెల్ పూర్తిగా పోయిందని అర్థం. ఛార్జింగ్‌లో ఐదు సెల్స్ బుడగలు వేస్తూ ఒకటి ఊరికే ఉండి వేడెక్కితే అదీ అంతే. యాసిడ్ గోధుమ రంగు బురదలా ఉంటే ప్లేట్ల మీది సరుకు రాలిపోయింది. వీటిలో ఏది కనిపించినా ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయండి.

ఏజీఎం విషయంలో నా మాట కాస్త కఠినంగానే ఉంటుంది. గ్రావిటీ చూడలేం, నీళ్లు పొయ్యలేం, కాబట్టి లోపల సల్ఫేషనో ఎండిపోవడమో తేల్చుకునే దారి లేదు. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలు వేడి డబ్బాలో ఫ్లోట్ మీద ఉండి ఉండి ఎక్కువగా ఎండిపోయే పోతాయి. పక్కలు ఉబ్బి ఉంటే ఛార్జరే తగిలించవద్దు. గోడలు నిటారుగా ఉండి, కొన్ని నెలలు ఖాళీగా పడి ఉన్నదని తెలిస్తే, చిన్న కరెంటుతో, 14.7 దాటకుండా, ఒకటి రెండు రోజులు పెట్టి చూడవచ్చు. 15.8 రీకండిషన్ మాత్రం, ఆ బ్యాటరీ తయారుచేసినవాళ్లే రాసి ఉంటే తప్ప, దానికి పెట్టకండి.

ముందు వరుసలో అమ్మ ఒకావిడ అడిగారు, "మేం కూడా డిసెంబరులో అమెరికా వెళ్తున్నాం, బ్యాటరీని ఏం చేయమంటారు" అని. వెళ్లే ముందు రోజు బ్యాటరీ పూర్తిగా నిండనివ్వండమ్మా. నీళ్ల మట్టం గుర్తు దాకా ఉందో చూసుకోండి. తర్వాత ఇన్వర్టర్ స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించేయండి. ఏ లోడూ లేకపోయినా బ్యాటరీ నెలకు కొన్ని శాతం తనంతట తనే దిగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. తాళం చెవి ఎవరి దగ్గరైనా ఉంచుతారు కదా, వాళ్లను రెండు నెలలకోసారి మల్టీమీటర్‌తో చూడమనండి. 12.4 కంటే కింద ఉంటే వైరు తగిలించి, మెయిన్ వేసి, ఒక రోజంతా ఛార్జింగ్‌లో ఉంచి, మళ్లీ విప్పమనండి.